జబ్బు చేసినప్పుడు రాజీనామా రాయకండి

వైద్యవృత్తిలో నేను చేసిన తప్పులన్నీ మందుల విషయంలోనివి కావు. ఒక తప్పు కేవలం ఒక మాట. సుమారు పదిహేనేళ్ళ క్రితం, నేను పనిచేసే పట్టణంలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగి ఒకాయన నా దగ్గరకు వచ్చేవారు. నలభై ఏళ్ళ వయసు. మెడ దగ్గర గడ్డ కనబడితే పరీక్ష చేయించి, లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అని తేలాక పెద్ద ఆసుపత్రికి పంపాను. ఆరు నెలల కీమోథెరపీ అన్నారు. రెండో విడత తరువాత ఆయన నీరసంగా వచ్చి కూర్చుని, "ఆఫీసులో రోజూ ఫోన్లు చేస్తున్నారండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. నేను ఏమాత్రం ఆలోచించకుండా, "ముందు ఆరోగ్యం చూసుకోండి, ఉద్యోగం మళ్ళీ దొరుకుతుంది, మానెయ్యండి" అన్నాను.

ఆయన నా మాట విన్నారు, రాజీనామా చేశారు. నాలుగో విడత బిల్లు బీమా సంస్థకు పంపితే తిరిగి వచ్చింది. ఆయన చికిత్సకు డబ్బు ఇస్తున్నది సంస్థ తీసుకున్న సామూహిక బీమా. ఉద్యోగం చివరిరోజుతో ఆ పాలసీలో ఆయన సభ్యత్వం కూడా ముగిసింది. సొంతంగా పాలసీ తీసుకుందామంటే, అప్పటికే క్యాన్సర్ ఉన్న మనిషికి ఎవరూ ఇవ్వలేదు. మిగిలిన విడతలకు పొలం అమ్మారు. జబ్బు నయమైంది. అప్పు తీరడానికి మాత్రం ఎనిమిదేళ్ళు పట్టింది. ఆయన నన్ను ఎన్నడూ నిందించలేదు. అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఉద్యోగ విరమణ తరువాత, కొన్నాళ్ళ క్రితం ఒక సెప్టెంబరు రాత్రి, హైదరాబాదు నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. వయసు ముప్ఫై ఎనిమిది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నది. అప్పటికి పది రోజుల ముందే రొమ్ము క్యాన్సర్ అని తేలింది. "మామయ్యా, రాజీనామా లెటర్ టైప్ చేశాను. పంపేముందు నీకు ఒక మాట చెబుదామని" అన్నది. భర్తది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. ఆ ఇంటి మొత్తానికి ఉన్న ఆరోగ్య బీమా ఆమె కంపెనీ ఇచ్చిన అయిదు లక్షల పాలసీ ఒక్కటే.

"పంపకమ్మా. పొద్దున్నే బయలుదేరి వస్తున్నాను" అన్నాను.

బీమా దేన్ని పట్టుకుని ఉంటుంది?

చాలామంది జీతం వస్తున్నంత కాలమే బీమా ఉంటుందని అనుకుంటారు. సాధారణంగా అది సరి కాదు. సామూహిక బీమాలో ఒక వ్యక్తి సభ్యుడిగా ఉండేది అతను కంపెనీ ఉద్యోగుల జాబితాలో ఉన్నంతకాలం. జీతం లేని సెలవులో ఉన్నవారు కూడా ఆ జాబితాలో ఉద్యోగులే. రాజీనామా చేసినవారు కారు. ఈ రెండింటి మధ్య తేడాయే ఒక కుటుంబం నిలబడటానికీ కూలిపోవడానికీ మధ్య తేడా కావచ్చు. అయితే కొన్ని పాలసీలలో "విధుల్లో ఉన్న ఉద్యోగులకే వర్తిస్తుంది" అన్న షరతు ఉంటుంది. కాబట్టి ముందుగా చేయవలసిన పని పాలసీ కాగితం అడిగి తెచ్చుకోవడం. ఉద్యోగులకిచ్చే రెండు పేజీల సారాంశంలో ఇది ఉండదు, అసలు పాలసీలోనే ఉంటుంది.

కంపెనీల పాలసీలకు మరొక విలువ ఉన్నది. వీటిలో చాలావాటికి పాత జబ్బులకు నిరీక్షణ కాలం ఉండదు. సొంత పాలసీలో అప్పటికే ఉన్న జబ్బుకు మూడేళ్ళ వరకు ఎదురుచూడమనవచ్చు, లేదా పాలసీయే ఇవ్వకపోవచ్చు. క్యాన్సర్ బయటపడిన తరువాత చేతిలో ఉన్న కంపెనీ పాలసీని వదులుకుంటే, అలాంటిది మళ్ళీ దొరకాలంటే మరో కంపెనీలో ఉద్యోగం రావాలి. చికిత్స మధ్యలో అది అయ్యే పనేనా?

ఇంకొక సంగతి కూడా తెలిసి ఉండాలి. ప్రైవేటు ఉద్యోగంలో నెలల తరబడి జీతం లేని సెలవు హక్కుగా ఇచ్చే చట్టమేదీ లేదు. అది కంపెనీ సెలవు నిబంధనలను బట్టి, అడిగిన తీరును బట్టి ఉంటుంది. మా మేనకోడలి కంపెనీ నిబంధన ప్రకారం ఒకేసారి తొంభై రోజులు మించకుండా ఇస్తారు. ఆపైన ప్రత్యేక అనుమతి కావాలి.

సెలవు ఎంతకాలం, చికిత్స ఎంతకాలం

మర్నాడు ఆమెతో పాటు క్యాన్సర్ వైద్యుణ్ణి కలిశాను. ఒక కాగితం మీద తేదీలు వేసుకున్నాము. అక్టోబరు మొదటి వారం నుంచి మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది కీమో విడతలు. చివరిది మార్చి మొదట్లో. నాలుగైదు వారాల తరువాత, ఏప్రిల్ మొదటి వారంలో ఆపరేషన్. మే నెలలో మూడు వారాల రేడియేషన్. ఆమెది హెర్-2 రకం గడ్డ కనుక అయిదో కీమోతో, అంటే డిసెంబరు చివర మొదలుపెట్టి, మూడు వారాలకొకసారి చొప్పున ఏడాది పాటు ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్.

ఆ కాగితం చూస్తే రెండు సంగతులు తేటతెల్లమయ్యాయి. పనికి వెళ్ళలేని కాలం అక్టోబరు నుంచి జూన్ దాకా, తొమ్మిది నెలలు. బీమా కావలసిన కాలం మరుసటి డిసెంబరు దాకా, పదిహేను నెలలు. ఇంజెక్షన్ రోజు తప్ప చివరి ఆరు నెలలూ ఆమె పని చేసుకోవచ్చు. అంటే సెలవు కోరడంతో పాటు తిరిగి చేరే దారి కూడా తెరిచి ఉంచుకోవాలి. తొమ్మిది నెలలలో మొదటి నలభై పనిదినాలు ఆమెకు కూడబెట్టుకున్న జీతపు సెలవులున్నాయి. మిగతా ఏడు నెలలు జీతం లేని సెలవు.

సర్టిఫికెట్ ఎలా ఉండాలి

ఇక్కడ మా వైద్యుల అలవాటు గురించి చెప్పక తప్పదు. "ఈమె అస్వస్థతతో ఉన్నారు, ఒక నెల విశ్రాంతి అవసరం" అని రాసి, నెల కాగానే మళ్ళీ అదే రాసి ఇస్తాము. నేను వందలసార్లు అలా రాశాను. ఆ కాగితం అందుకున్న అధికారి ఏమనుకుంటాడు? ఈ ఉద్యోగి ఎప్పుడు వస్తాడో వైద్యుడికే తెలియదనుకుంటాడు. రెండో నెలకు సహనం తగ్గుతుంది, నాలుగో నెలకు "మీరే రాజీనామా చేస్తే మంచిది" అన్న సలహా వస్తుంది.

సర్టిఫికెట్‌లో నాలుగు విషయాలుండాలి. జబ్బు ఏమిటి, చికిత్స ఎప్పుడు మొదలైంది, అది ఏయే దశలలో సుమారు ఏ తేదీల వరకు సాగుతుంది, ఎప్పటికి పనికి తిరిగి రాగలరని అంచనా. వైద్యుని రిజిస్ట్రేషన్ సంఖ్య, ఆసుపత్రి ముద్ర ఉండాలి. చికిత్స చేస్తున్న వైద్యుడే రాయాలి. "నువ్వే రాసి ఇవ్వచ్చు కదా మామయ్యా" అన్నది మా అమ్మాయి. బంధువు రాసిన సర్టిఫికెట్‌కు విలువ తక్కువ, అనుమానం ఎక్కువ. అందుకని నేను రాయలేదు.

జబ్బు పేరు ఆఫీసులో అందరికీ తెలియడం ఆమెకు ఇష్టం లేదు. ఆ కోరిక న్యాయమైనదే. పూర్తి సర్టిఫికెట్ హెచ్ఆర్ విభాగంలో ఒక్క అధికారికి ఇచ్చింది. తన పై అధికారికి మాత్రం "తీవ్రమైన అనారోగ్యానికి దీర్ఘకాల చికిత్స" అని, తేదీలతో తెలియజేసింది.

ఉత్తరం

రాజీనామా పత్రం ఉన్న కంప్యూటరులోనే సెలవు పత్రం రాశాము. ఇంగ్లీషులో రాసిన ఆ ఉత్తరం సారాంశం ఇది:

"నాకు వైద్యులు తొమ్మిది నెలల చికిత్స నిర్ణయించారు. సర్టిఫికెట్ జతచేశాను. నా ఖాతాలో ఉన్న జీతపు సెలవులు ముందుగా వాడుకుని, ఆ తరువాత సుమారు ఏడు నెలలు జీతం లేని సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. నిబంధనల ప్రకారం తొంభై రోజులకే అనుమతించగలిగితే, గడువుకు రెండు వారాల ముందు కొత్త సర్టిఫికెట్‌తో పొడిగింపు కోరుతాను. ఈ కాలమంతా నేను ఉద్యోగుల జాబితాలో కొనసాగుతాననీ, నాకూ నా కుటుంబానికీ సామూహిక ఆరోగ్య బీమా కొనసాగుతుందనీ, ఏప్రిల్ 1న పాలసీ పునరుద్ధరణలో నా పేరు చేరుస్తారనీ రాతపూర్వకంగా ధృవీకరించగలరు. నా జీతం నుంచి మినహాయించే ప్రీమియం భాగాన్ని ఏ విధంగా, ఏ తేదీలోగా చెల్లించాలో తెలియజేయగలరు. జూన్ చివరికల్లా ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో తిరిగి విధుల్లో చేరాలని నా ఉద్దేశం."

ఇందులో చివరి మూడు వాక్యాలను చాలామంది రాయరు. సెలవు ఇచ్చారు కదా, బీమా ఉంటుందిలే అనుకుంటారు. ప్రీమియం సంగతే తీసుకోండి. ఆమెకూ భర్తకూ కూతురికీ ప్రీమియం కంపెనీయే కట్టేది. అత్తమామల కోసం నెలకు 1,900 రూపాయలు జీతంలోంచి మినహాయించేవారు. జీతం లేని నెలలో మినహాయించడానికి ఏమీ ఉండదు. అడగకపోతే ఎవరూ చెప్పరు. నెలలు గడిచాక అత్తగారు ఆసుపత్రిలో చేరిననాడు పాలసీ లేదని తెలుస్తుంది. ఈ ఉత్తరం వల్ల ఏడు నెలల సొమ్ము 13,300 రూపాయలు ముందుగానే బ్యాంకు ద్వారా కట్టింది. రసీదు ఈమెయిల్ దాచుకున్నది.

వారం తరువాత ఫోనులో జవాబు వచ్చింది: "అంతా అయిపోయినట్టే, మీరు నిశ్చింతగా ఉండండి." ఫోనులో మాట్లాడినవారు సహృదయులే. అయినా, "మీరు చెప్పినది ఇలా అర్థం చేసుకున్నాను" అంటూ ఆ సంభాషణను ఈమెయిల్‌గా రాసి పంపమన్నాను. మరో రెండు రోజులకు తొంభై రోజులకు అనుమతి, బీమా కొనసాగింపు రెండూ ఉన్న జవాబు రాతలో అందింది.

జనవరిలో జరిగిన పొరపాటు

అయినా పొరపాటు జరిగింది. ఆరో కీమోకు జనవరిలో ఆసుపత్రికి వెళితే, బీమా కౌంటర్‌లోని అబ్బాయి తెరమీద చూసి "మీ కార్డు పనిచెయ్యడం లేదు మేడమ్, సభ్యత్వం తొలగించినట్టుంది" అన్నాడు. ఆమె అక్కడి నుంచే ఫోన్ చేసింది. గొంతులో భయం తెలుస్తున్నది.

కారణం తరువాత తెలిసింది. కంపెనీ ప్రతినెలా కొత్తగా చేరినవారి, మానేసినవారి పేర్లు బీమా సంస్థకు పంపుతుంది. ఆ జాబితా తయారుచేసినవారు డిసెంబరు జీతాల పట్టిక చూశారు. ఆమె పేరు ఎదురుగా సున్నా ఉన్నది. మానేసిందనుకుని తొలగింపు జాబితాలో వేశారు. ఎవరికీ దురుద్దేశం లేదు. జీతాలు చూసేవారికి సెలవు అనుమతి సంగతి తెలియదు, అంతే.

ఆ రోజు కీమో ఆపలేదు. 62,000 రూపాయలు చేతి నుంచి కట్టి, అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు అన్నీ తీసుకున్నాము. సాయంత్రం ఆ అనుమతి ఈమెయిల్ జతచేసి హెచ్ఆర్ విభాగానికి రాసింది. అందులో ఒక మాట జాగ్రత్తగా పెట్టాము: సభ్యత్వాన్ని "ఈ రోజు నుంచి" కాక, "తొలగించిన తేదీ నుంచే విరామం లేకుండా" పునరుద్ధరించాలని. కొత్త తేదీతో చేర్చితే మధ్యలో అయిన ఖర్చుకు బీమా వర్తించదు. పది రోజులలో సరిదిద్దారు. కట్టిన డబ్బు ఆ తరువాత నెలన్నరకు వచ్చింది. చేతిలో ఆ ఈమెయిల్ లేకుంటే ఈ కథ మరోలా ఉండేది.

అప్పటి నుంచి ప్రతినెలా మొదటి వారంలో బీమా యాప్‌లో తన పేరు, ఇంట్లోవారి పేర్లు ఉన్నాయో లేదో చూసుకోవడం మొదలుపెట్టింది. ఈ పని మొదటి నెల నుంచే చెయ్యమని నేను చెప్పి ఉండవలసింది.

ఏప్రిల్ 1

పాలసీ ఏడాది మారే రోజు అసలు పరీక్ష. అప్పుడు కంపెనీ సభ్యుల జాబితాను కొత్తగా పంపుతుంది. జీతం లేని సెలవులో ఉన్నవారి పేర్లు జారిపోయే అవకాశం అప్పుడే ఎక్కువ. కొన్నిసార్లు బీమా సంస్థే మారుతుంది. మార్చి 10 నాటికి అయిదు లక్షలలో 4,20,000 ఖర్చయింది. మిగిలిన 80,000తో ఆపరేషన్ గట్టెక్కదు. కొత్త ఏడాదిలో పేరుంటే మళ్ళీ పూర్తి అయిదు లక్షలు వస్తాయి. అందుకని మార్చి మధ్యలోనే పాత అనుమతిని గుర్తుచేస్తూ ఉత్తరం రాసింది. ఏప్రిల్ 3న కొత్త కార్డులో పేరు చూసుకున్నాకే మాకు ఊపిరి వచ్చింది.

ఒక హెచ్చరిక. ఆపరేషన్ ఏప్రిల్‌లో పడటం వైద్యపరంగా సరైన వ్యవధిలోనే జరిగింది. బీమా కోసం ఆపరేషన్‌ను తగిన గడువు దాటి వాయిదా వేయమని నేను ఎవరికీ చెప్పను.

పి.ఎఫ్. సంగతి

జీతం లేని నెలల్లో పి.ఎఫ్. జమ కాదు. దానితో ముడిపడిన జీవిత బీమా ఒకటి ఉన్నది. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల వరకు వస్తుంది. 2025లో సవరించిన నిబంధన ప్రకారం, ఉద్యోగి పేరు జాబితాలో ఉంటే, చివరి జమ తరువాత ఆరు నెలల లోపు మరణానికి కూడా అది వర్తిస్తుంది. ఏడు నెలల సెలవు ఆ గడువు దాటుతుంది. ఇలాంటి పరిస్థితిలో జీతపు సెలవులలో నాలుగైదు రోజులు మిగుల్చుకుని, మధ్యలో ఒక నెలలో వాడుకునేందుకు కంపెనీ ఒప్పుకుంటుందేమో అడగడం మంచిది. ఆ కాస్త జీతంతో జమ కొనసాగుతుంది. రోగితో ఈ విషయం మాట్లాడటం కష్టమే. భర్తతో మాట్లాడవచ్చు.

మరి దొరకనివారికి?

నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారు జీతం లేని సెలవు గురించి ఆలోచించే ముందు ఈఎస్ఐ వైద్యుణ్ణి కలవాలి. అర్హత ఉంటే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. క్యాన్సర్, క్షయ వంటి నిర్ణీత దీర్ఘవ్యాధులకు, తగినంత కాలం చందా కట్టి ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు పొడిగిస్తారు. ఆ భృతి పొందుతున్న కాలంలో యజమాని ఉద్యోగం నుంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. కాని సర్టిఫికెట్ ఈఎస్ఐ వైద్యుని నుంచే రావాలి. బయటి ఆసుపత్రి కాగితం ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే భృతి అందదు.

కంపెనీ సెలవు నిరాకరించి, ఉద్యోగం పోక తప్పని పరిస్థితి వస్తే, చివరి పనిదినానికి ముందే అదే బీమా సంస్థకు రాసి, సామూహిక పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం కోరాలి. అది సులువు కాదు. ప్రీమియం పెరుగుతుంది, బీమా సంస్థ పరిశీలించి తన షరతులు పెట్టవచ్చు. అయినా బయటివాడిగా కొత్త పాలసీ అడగడం కన్నా అది మెరుగు.

మా మేనకోడలు జూన్ 24న ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో పనిలో చేరింది. డిసెంబరు దాకా మూడు వారాలకొక రోజు సెలవు పెట్టి ఇంజెక్షన్ చేయించుకునేది. చివరి ఇంజెక్షన్ నాడు నాకు ఫోన్ చేసి, "మామయ్యా, ఆ రాజీనామా లెటర్ ఇంకా కంప్యూటర్‌లోనే ఉంది, ఇవాళ తీసేశాను" అన్నది.

ఆ మరుసటి వారం మా ఊరు వెళ్ళినప్పుడు, ఆ లెక్కలు చూసే పెద్దమనిషి ఇంటికి వెళ్ళాను. మనవడిని ఆడిస్తున్నారు. పదిహేనేళ్ళ క్రితం నేనన్న మాట తప్పని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అప్పుడు మీకూ తెలియదు కదండీ" అని, కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.

తెలియదు, నిజమే. తెలుసుకోవచ్చునన్న ఆలోచన కూడా రాలేదు. ఇప్పుడు ఎవరైనా దీర్ఘకాల జబ్బుతో వచ్చి సలహా అడిగితే, జబ్బు సంగతులు మాట్లాడాక ఒక ప్రశ్న అదనంగా వేస్తాను: "మీ బీమా ఎవరి పేరు మీద ఉన్నది, ఆ ఉద్యోగం ఎవరిది?" జవాబు విన్న తరువాతే విశ్రాంతి గురించి మాట్లాడతాను.